10.88 అని వచ్చిన రోజు: మా ఫిజిక్స్ మాస్టారి జ్ఞాపకం

పాతరికార్డు రాశారు:

మా ఫిజిక్స్ మాస్టారు పోయిన నెల కన్నుమూశారు. ఆ కబురు తెలిసిన రాత్రి అటక మీద పెట్టె దించి, ఇంటర్మీడియట్ నాటి నా ల్యాబ్ రికార్డు వెతికి తీశాను. లఘులోలకం ప్రయోగం దగ్గర పుస్తకం దానంతట అదే తెరుచుకుంది. ఆ పేజీ అన్నిసార్లు తెరిచి చూసుకున్నాను మరి.

ఆయన గురించి "మంచి మాస్టారు, ఓపికగా చెప్పేవారు" అని రాస్తే ఆయన కనిపించరు. అందుకే ఆ ఒక్క పూట జరిగింది రాస్తాను.

ల్యాబ్‌లోకి రాగానే మాస్టారు చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారు. ఆయన గడియారం చూస్తే పిల్లలు తొందరపడతారని ఆయన అభిప్రాయం. మేము రీడింగులు పెన్నుతోనే రాయాలి. ఆయన మాత్రం మా రికార్డులో పెన్సిల్‌తో రాసేవారు. ఎందుకని అడిగితే, "రీడింగు నీది, అది చెరిగిపోకూడదు. ప్రశ్న నాది, నీకు జవాబు దొరికాక చెరిపెయ్యి" అన్నారు.

ఆ రోజు నేను నాలుగు పొడవులకు 20 డోలనాల కాలం తీసుకున్నాను. 60 సెంటీమీటర్లకు 29.5 సెకన్లు, 80కి 34.1, 100కి 38.1, 120కి 41.7. లెక్క వేస్తే గురుత్వ త్వరణం `g` విలువ 9.8 దగ్గర రావలసింది 10.88 వచ్చింది. పక్క బల్ల వాళ్లకు 9.7, ఆ పక్క వాళ్లకు 9.9. నాకు చెమటలు పట్టాయి. రఫ్ పుస్తకంలో అసలు అంకెలు ఉన్నాయి కానీ వాటిని రికార్డులోకి ఎక్కించే ముందు నేను చేయకూడని పని చేశాను. కావలసిన జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి, 38.1 ఉండాల్సిన చోట పెన్సిల్‌తో 40.1 అని రాసుకున్నాను. మిగతా మూడూ అలాగే మార్చాలనుకుంటుండగా మాస్టారు వెనక నిలబడి ఉన్నారు.

ఆయన కోప్పడలేదు. రఫ్ పుస్తకం, రికార్డు పక్కపక్కన పెట్టి రెండు అంకెలనూ కాసేపు చూశారు. "ఇందులో లోలకం చెప్పింది ఏది, నువ్వు చెప్పింది ఏది?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. "లోలకం చెప్పిందే ఉంచు. అది ఎందుకు అలా చెప్పిందో మనం కనుక్కుందాం" అన్నారు.

ముందు గ్రాఫ్ గీయమన్నారు. పొడవు అడ్డంగా, ఆవర్తన కాలపు వర్గం నిలువుగా. నాలుగు చుక్కలూ ఒకే సరళరేఖ మీద కూర్చున్నాయి. స్కేలు పెట్టి వెనక్కి పొడిగిస్తే గీత సరిగ్గా మూలబిందువులోంచి వెళ్లింది. మాస్టారు ఆ మూల మీద వేలు పెట్టి, "నీ పొడవులు బాగున్నాయి. తప్పు గడియారం వైపు ఉంది" అన్నారు. అది ఆయనకు ఎలా తెలిసిందో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు.

తరువాత లోలకాన్ని ఆయనే వదిలారు. నన్ను పైకి లెక్కపెట్టమన్నారు. గుండు బల్ల అంచున ఉన్న సుద్దగీతను దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి "ఒకటి" అన్నాను. నేను "అయిదు" అనేసరికి ఆపమన్నారు. ఆయన కుడి చేయి నా ముఖం ముందుకు వచ్చింది. గుండు ఒక పూర్తి ఊపు ముగించి వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక వేలు మడిచారట. నాలుగు వేళ్లే మడిచి ఉన్నాయి. బొటనవేలు నిటారుగా నిలబడి ఉంది.

ఆ బొటనవేలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నేను 20 అనుకున్నవి 19 డోలనాలు. 38.1ని 19తో భాగిస్తే 2.005 సెకన్లు, దాంతో `g` 9.82 వచ్చింది. నా 10.88 కొట్టివేయనివ్వలేదు. దాని కిందే కొత్త లెక్క రాయించి, మార్జిన్‌లో పెన్సిల్‌తో "మొదటిసారి దాటినప్పుడు ఏమని లెక్కపెట్టాలి?" అని రాశారు. నేను దాని పక్కన "సున్నా" అని పెన్నుతో రాశాను. ఆయన ప్రశ్న మాత్రం చెరపలేదు. ఇక చెరపను కూడా.

మీలో ఎవరికైనా ఇలాంటి మాస్టారు ఉండి ఉంటే, ఆయన చేసిన ఒక్క పని చెప్పండి. పొగడ్త వద్దు, పని చాలు.

---

నీలిసిరా రాశారు:

చదువుతుంటే గొంతు పట్టేసింది. మీ మాస్టారికి నా నమస్కారం.

ఒక చిన్న మాట. 10.88 అంత ఎక్కువ రావడానికి లెక్కపెట్టడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. మీరు గుండును మరీ దూరం లాగి వదిలి ఉంటారు. మా ల్యాబ్‌లో అందరి విలువలూ తప్పడానికి అదే కారణమని చెప్పేవారు. ఊపు చిన్నదిగా ఉంటేనే సూత్రం పనిచేస్తుంది. పైగా 20లో ఒకటి పోతే 5 శాతం తప్పు రావాలి, మీకు దాదాపు 11 శాతం వచ్చింది. మిగతా సగం ఊపు వల్లే అయి ఉంటుంది.

---

సుద్దముక్క రాశారు:

ఇరవై ఏళ్లకు పైగా ఇదే ప్రయోగం పిల్లల చేత చేయిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

నీలిసిరా గారూ, ఊపు చిన్నదిగా ఉండాలన్నది నిజం. కానీ ఊపు పెద్దదైతే జరిగేది మీరు అనుకున్నదానికి వ్యతిరేకం. నిట్టనిలువు నుంచి 30 డిగ్రీల దాకా లాగి వదిలితే ఆవర్తన కాలం సుమారు 1.7 శాతం పెరుగుతుంది. కాలం పెరిగితే `g` తగ్గుతుంది, 9.8 రావలసింది 9.5 దగ్గరికి వస్తుంది. ఈయనకు ఎక్కువ వచ్చింది. కాబట్టి ఊపును పట్టుకోవడానికి వీల్లేదు. 5 డిగ్రీల లోపల ఉంటే ఆ తేడా స్టాప్‌వాచ్‌కు అందేది కూడా కాదు.

ఇక 5 శాతం, 11 శాతం సంగతి. సూత్రంలో కాలం వర్గంగా ఉంటుంది.

```
g = 4π²L / T²
```

కాలంలో 5 శాతం తగ్గితే వర్గంలో దాదాపు రెట్టింపు తగ్గుతుంది. 20ని 19తో భాగించి వర్గం చేయండి, 1.108 వస్తుంది. 9.82ను దానితో గుణిస్తే సరిగ్గా 10.88. మిగిలిన సగం అంటూ ఏమీ లేదు. తప్పు మొత్తం ఆ "ఒకటి" అన్న మాటలోనే ఉంది.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది మాస్టారు మూలబిందువు మీద వేలు పెట్టడం. చాలామంది గ్రాఫ్‌ను రికార్డు నిండడానికి గీయిస్తారు. ఆయన దాన్ని రోగి నాడిలా చూశారు. డోలనాలు తప్పు లెక్కపెడితే అన్ని పొడవుల దగ్గరా కాలం ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. గీత వాలు మారుతుంది కానీ అది మూలబిందువును వదలదు. పొడవు తప్పు కొలిస్తే, అంటే దారం మాత్రమే కొలిచి గుండు వ్యాసార్ధం కలపడం మరిచిపోతే, వాలు సరిగ్గానే ఉంటుంది కానీ గీత మొత్తం పక్కకు జరుగుతుంది. రెండు తప్పులూ రెండు రకాల ఆనవాళ్లు వదులుతాయి. ఆయన మీ లెక్క చూడకుండానే తప్పు ఎటు ఉందో చెప్పగలిగింది అందుకే.

---

నీలిసిరా రాశారు:

ఊపు విషయంలో నేను దిశ చూసుకోలేదు. ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లూ "ఊపు ఎక్కువైతే విలువ తప్పుతుంది" అని గుర్తుంచుకున్నాను కానీ ఎటు తప్పుతుందో ఎప్పుడూ అడగలేదు.

---

వేగంగా రాశారు:

`g` సరిగ్గా రావాలంటే బరువైన గుండు వాడండి, సాగని దారం తీసుకోండి, ఫ్యాన్ ఆపండి. 20 బదులు 50 డోలనాలు తీసుకోండి. స్టాప్‌వాచ్ బదులు కాంతి కిరణం తెగినప్పుడు కాలం నమోదు చేసే పరికరం దొరుకుతుంది. అది పెడితే 9.8 ఖాయం. మీ ప్రయోగం ఎప్పుడు?

---

పాతరికార్డు రాశారు:

వేగంగా గారూ, ప్రయోగం ముగిసి చాలా ఏళ్లయింది. నేను మాస్టారిని తలచుకుంటున్నాను. అయినా మీ మాటతో ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి మేము కూడా ఇంతకంటే మంచి పరికరం లేదా అని అడిగాం. "మంచి పరికరం ఇస్తే 19ని ఇంకా కచ్చితంగా కొలుస్తారు" అన్నారు మాస్టారు.

---

బ్యూరెట్ రాశారు:

నాది కెమిస్ట్రీ. మా మేడం గురించి చెబుతాను.

టైట్రేషన్‌లో వరుసగా వచ్చిన రెండు రీడింగులు కలిస్తేనే ఆపాలని నియమం. మేమందరం మొదటిది నిజంగా చేసి, రెండోదీ మూడోదీ అదే అంకె రాసేసేవాళ్లం. 10.2, 10.2, 10.2. ఒకరోజు మేడం రికార్డులన్నీ తీసుకుని ఏమీ అనకుండా మేము బ్యూరెట్లు నింపుకునే సీసాలు చూడటం మొదలుపెట్టారు. మూడుసార్లు చేస్తే 30 మిల్లీలీటర్లకు పైగా ఖర్చవాలి. మా సీసాల్లో ద్రావణం దాదాపు నిండుగా ఉంది. ఆమె ఒక్కొక్క సీసా ఎత్తి వెలుగులో చూపించి తిరిగి బల్ల మీద పెట్టారు. అంతే. ఎవరి పేరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను మూడుసార్లూ చేశాను. మూడు అంకెలూ ఒకేలా రావడం ఎంత అరుదో అప్పుడే తెలిసింది. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నారో తెలియదు. వెతకాలనిపిస్తోంది.

---

గడపదాటి రాశారు:

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. నాకు జరిగింది చెప్పనివ్వండి, మనసులో చాలాకాలంగా ఉంది.

మా మాస్టారు కూడా ఉన్నది ఉన్నట్టు రాయమని నేర్పారు. ఆయనంటే నాకు ప్రాణం. చివరి పరీక్షకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నేను అలాగే రాశాను. నాభ్యంతరం ప్రయోగంలో కటకానికి నాకు వచ్చిన విలువ అనుకున్నదానికి దూరంగా ఉంది. ఎందుకు వచ్చిందో కూడా రెండు వాక్యాలు రాశాను. పరీక్షకుడు జవాబు మాత్రమే చూసి మార్కులు కోశారు. పక్కన అంకెలు దిద్దుకున్న అబ్బాయికి పూర్తి మార్కులు. ఆ తేడా వల్ల నేను కోరుకున్న కోర్సులో సీటు పోయింది.

మా మాస్టారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను నీకు పరీక్ష గురించి కూడా చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆయన ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. నేర్పింది తప్పని నేను ఈనాటికీ అనను. కానీ దాని ఖరీదు పిల్లవాడు ఒక్కడే చెల్లించాడు.

---

సుద్దముక్క రాశారు:

గడపదాటి గారూ, మీరు చెప్పింది నేను కూడా చూశాను, పరీక్షకుడి కుర్చీలో కూర్చుని కూడా చూశాను. ఒక పూటలో చాలామంది రికార్డులు దిద్దాలి. జవాబు మీదకే కన్ను పోతుంది. నేను ఇప్పుడు మా పిల్లలకు రెండూ చెబుతున్నాను. రీడింగు మార్చవద్దు. వింత విలువ వస్తే బల్ల వదలకముందే పరీక్షకుడిని పిలిచి చూపించి, మరోసారి చేయడానికి అనుమతి అడగండి. కొందరు ఇస్తారు. ఇవ్వని వాళ్లూ ఉన్నారు. అప్పుడు ఏం చేయాలన్నదానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

---

గడపదాటి రాశారు:

ఇవ్వని వాళ్ల సంగతే నేను అడుగుతున్నది. సరే, లేదని చెప్పినందుకు సంతోషం. ఇంతకాలం అందరూ ఉందన్నట్టే మాట్లాడారు.

---

పాతరికార్డు రాశారు:

గడపదాటి గారూ, మీ మాస్టారు అన్న ఆ ఒక్క వాక్యం చదివి చాలాసేపు ఆగిపోయాను. నాకు అలాంటి పరీక్ష ఎదురుకాలేదు. ఎదురై ఉంటే ఏం చేసేవాడినో చెప్పలేను.

సుద్దముక్క గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు గీత పక్కకు జరగడం గురించి రాసింది చదివాక మా పక్క బల్ల మిత్రుడికి ఫోను చేశాను. అతని రికార్డూ ఉంది. ఆ పేజీ ఫొటో తీసి పంపాడు. అతని గీత మూలబిందువులోంచి వెళ్లడం లేదు. అడ్డంగా ఉన్న పొడవు అక్షాన్ని మూలకు ఎడమ పక్కన, దాదాపు రెండు చిన్న గడుల దూరంలో తాకుతోంది. గ్రాఫ్‌లో ఒక సెంటీమీటరుకు 10 సెంటీమీటర్ల పొడవు తీసుకున్నాడు. ఆ తాకిన చోట మాస్టారి పెన్సిల్ గుర్తు ఉంది. మిత్రుడికి దాని అర్థం ఏమిటో గుర్తు లేదు.

---

సుద్దముక్క రాశారు:

ఆ స్కేలులో ఒక చిన్న గడి అంటే ఒక సెంటీమీటరు. గీత రెండు గడులు ఎడమకు పోయిందంటే, మీ మిత్రుడు ప్రతి పొడవునూ అసలు కంటే రెండు సెంటీమీటర్లు తక్కువగా కొలిచాడని అర్థం. అతను దారాన్ని చీల్చిన బెండు అంచు నుంచి గుండు కొక్కెం దాకా కొలిచి ఆపేసి ఉండవచ్చు. లోలకం పొడవు గుండు మధ్యబిందువు దాకా ఉండాలి. కొక్కెం ఎత్తు, గుండు వ్యాసార్ధం కలిపితే రెండు సెంటీమీటర్లకు దగ్గరగా వస్తాయేమో చూడండి. రికార్డులో వెర్నియర్‌తో గుండు వ్యాసం కొలిచిన పట్టిక ఉంటుంది కదా.

అతని వాలు నుంచి `g` సరిగ్గా వచ్చిందా?

---

పాతరికార్డు రాశారు:

వాలు నుంచి 9.8 వచ్చింది! ఒక్కొక్క పొడవుకు విడిగా లెక్క కడితే మాత్రం 9.5, 9.6, 9.6, 9.7 అని ఉన్నాయి. పొడవు పెరిగేకొద్దీ విలువ కూడా పెరుగుతోంది. ఇన్నాళ్లూ అది మాకెవరికీ కనిపించలేదు.

వ్యాసం పట్టిక కూడా ఉంది. 2.18 సెంటీమీటర్లు. అంటే వ్యాసార్ధం 1.09. రెండు గడుల్లో ఒక గడి తేలింది. రెండోది కొక్కెమేనా?

---

బ్యూరెట్ రాశారు:

కొక్కెం దాదాపు ఒక సెంటీమీటరు ఉండటం కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. మా ల్యాబ్‌లో గుండ్ల కొక్కేలు అందులో సగం కూడా ఉండేవి కావు.

---

సుద్దముక్క రాశారు:

పొడవు పెరిగేకొద్దీ విలువ 9.8 వైపు పాకడం పొడవు తప్పుకు సరైన ఆనవాలే. రెండు సెంటీమీటర్లు 60లో పెద్ద భాగం, 120లో చిన్న భాగం.

రెండో గడి గురించి మాత్రం గట్టిగా చెప్పలేను. స్టాప్‌వాచ్ నొక్కడంలో సెకనులో అయిదో వంతు అటూ ఇటూ అవుతుంది. 20 డోలనాలకు పంచితే ఒక్కోదానికి 0.01 సెకను. ఆవర్తన కాలం 2 సెకన్లు ఉన్నచోట వర్గంలో అది 0.04 తేడా తెస్తుంది. గ్రాఫ్‌లో ఆ తేడా సరిగ్గా ఒక సెంటీమీటరు పొడవుకు, అంటే మీ ఒక గడికి సమానం. పైగా చుక్కలు 60 నుంచి 120 మధ్య ఉన్నాయి, గీతను సున్నా దాకా వెనక్కి లాగాం. స్కేలు వెంట్రుకవాసి కదిలినా అక్కడ గడి మారిపోతుంది. ఒక గడి వ్యాసార్ధం, మిగిలింది కొంత కొక్కెం, కొంత చేతి పొరపాటు అని నా ఊహ. గుండు చేతిలో ఉంటే తప్ప తేలదు.

మీ మాస్టారి పెన్సిల్ గుర్తు ఏమిటో ఫొటోను పెద్దది చేసి చూశారా? టిక్కా?

---

పాతరికార్డు రాశారు:

పెద్దది చేసి చూశాను. టిక్కు కాదు, ప్రశ్నార్థకం. దాని కింద చాలా చిన్న అక్షరాలతో "ఇక్కడికి ఎందుకు వచ్చింది?" అని ఉంది. నా మార్జిన్‌లో ఉన్న చేతిరాతే, అదే పెన్సిల్.

మిత్రుడికి ఫోను చేసి చదివి వినిపించాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, వ్యాసార్ధం కలపలేదని పెన్నుతో ఆ పక్కన రాస్తానన్నాడు. రెండో గడి సంగతి కూడా చెప్పాను. "అయితే సగమే రాస్తాను, ప్రశ్న అలాగే ఉండనీ" అన్నాడు.